వాననీటి ఇంకుడుగుంతకు అనుమతి, నిధుల కోసం విన్నపం

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

నమస్కారాలు. గ్రంథాలయ భవనం పైకప్పు నీరు ఒకే గొట్టం నుంచి మెట్ల పక్కన పడుతుండటంతో, వాన వెలిసిన మరునాడు కూడా అక్కడ చీలమండ లోతు బురద ఉంటోంది. నిరుడు ఇద్దరు విద్యార్థులు జారిపడ్డారు. ఆ పైకప్పు వైశాల్యం మేము కొలిచినప్పుడు 400 చదరపు మీటర్లని తేలింది. అంటే 10 మిల్లీమీటర్ల వానకే దాదాపు 4,000 లీటర్ల నీరు వృథా అవుతోంది. వేసవిలో మన బోరు ఎండిపోవడం చూసిన మాకు ఇది నిజంగా బాధ కలిగిస్తోంది.

అందువల్ల భవనం వెనుక, పునాదికి తగినంత దూరంలో, రెండు మీటర్ల లోతున ఇంకుడుగుంత తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, వాటిపై కంకర, ఆపై ఇసుక నింపడానికి అనుమతి ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. తవ్వే చోటును ముందుగా సివిల్ విభాగం అధ్యాపకులకు చూపించి, వారి ఆమోదం తీసుకుంటాము. ఖర్చులో సగం మా సభ్యుల చందాల నుంచి భరిస్తాము. మిగతా సగం విద్యార్థి సంక్షేమ నిధి నుంచి మంజూరు చేయగలరని ప్రార్థన. ఏటా వానలకు ముందు పై ఇసుక పొర శుభ్రం చేసే బాధ్యత మాదే. సెలవుల్లోనే పని ముగించాలని ఉంది కనుక త్వరగా నిర్ణయం తెలియజేయగలరు.

జతపరచినవి: వ్యయ అంచనా, స్థలం పటం.

ఇట్లు,
తమ విధేయురాలు,
కార్యదర్శి, పర్యావరణ విద్యార్థి సంఘం