బజ్జో బజ్జో బుజ్జమ్మీ

బజ్జో బజ్జో బుజ్జమ్మీ,
బజ్జో బజ్జో చిట్టమ్మీ!

పెన్నా గట్టున పిట్ట బజ్జుంది,
పిట్ట రెక్క కింద పిల్ల బజ్జుంది.
బజ్జో బజ్జో బుజ్జమ్మీ!

సోమశిల నీళ్లలో చేప బజ్జుంది,
కళ్లు తెరిచే బజ్జుంది, పిచ్చి చేప!
నువ్వు కళ్లు మూసి బజ్జో చిట్టమ్మీ!

ఒంగోలు గిత్త గడ్డి మేసింది,
గడ్డి మేసింది, నెమరేసింది,
మూపురం ఊపింది, మువ్వ మోగింది.
ఘల్లు ఘల్లు... ఘల్లు ఘల్లు...
గిత్త కూడా బజ్జుంది.

మైపాడు అల మాత్రం బజ్జోనంటుంది!
వస్తానంటుంది, పోతానంటుంది,
వస్తానంటుంది, పోతానంటుంది.
అల్లరి అల, అల్లరి అల,
దాని జోలి మనకెందుకు? బజ్జో బజ్జో!

నాయన చొక్కా కొక్కేనికి బజ్జుంది,
అవ్వ కళ్లజోడు డబ్బాలో బజ్జుంది,
అమ్మ ఫోను ఛార్జింగులో బజ్జుంది.
ఒక కన్ను మూశావా? మరి రెండోదో?
బజ్జో బజ్జో బుజ్జమ్మీ!

పొద్దున్నే లేస్తే పెనం చుయ్యంటుంది,
చుయ్ చుయ్ దోసె, చిట్టి దోసె,
నెయ్యి దోసె నీకు, కారం దోసె నాకు!