రేపు రండి అనని మనిషి: శ్రీనివాస్ గారి వీడ్కోలు సభలో హెడ్ క్యాషియర్ మాటలు

మేనేజర్ గారికి, మన బ్రాంచి స్టాఫ్‌కి, అప్రైజర్ గారికి, పిలవగానే వచ్చిన యార్డు కమిషన్ వ్యాపారులకి, రైతులకి, అందరికీ నమస్కారం. శ్రీనివాస్ గారూ, మీకు విడిగా ఇంకో నమస్కారం.

నాకు మైకులో మాట్లాడే అలవాటు లేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అద్దం వెనక కూర్చుని, చిన్న కంతలోంచి "ఎంత?", "సంతకం?", "చిల్లర ఉందా?" అని మాత్రమే మాట్లాడిన దాన్ని. అందుకే కాగితం మీద రాసుకొచ్చాను. అదీ విత్‌డ్రాయల్ ఫారం వెనకే రాసుకున్నాను. ఎందుకో శ్రీనివాస్ గారికి తెలుసు, మీకు కాసేపట్లో చెబుతాను.

మా చిన్నప్పుడు ఊళ్ళలో తలుపుల మీద బొగ్గుతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్ళు. రాత్రి దెయ్యం వచ్చి అది చదువుకుని, సరే రేపొద్దాం అని వెళ్ళిపోతుందట. మర్నాడు వచ్చినా అదే ఉంటుంది కదా. బ్యాంకులో చేరాక నాకు అర్థమైందేంటంటే, మనం తలుపు మీద రాయం గానీ నోటితో అదే మాట అంటాం. సర్వర్ డౌన్, రేపు రండి. ఆఫీసర్ గారు లీవులో ఉన్నారు, రేపు రండి. జిరాక్స్ లేదా, అయితే రేపు రండి. నేనూ అన్నాను, కాదనను. రద్దీలో నోటికి అదే ముందు వస్తుంది.

శ్రీనివాస్ గారు 2021 జూలైలో ఈ బ్రాంచికి వచ్చారు. ఇప్పుడు ప్రమోషన్ మీద అస్సాం వెళ్తున్నారు. ఈ నాలుగేళ్ళలో ఆయన నోట ఆ మాట నేను వినలేదు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఆయన చేసేదేమీ పెద్ద విద్య కాదు. రైతు లోన్ రెన్యువల్‌కి వస్తే ఏమేం కావాలో అన్నీ ఒకేసారి ఒక విత్‌డ్రాయల్ ఫారం వెనక రాసిచ్చేవారు. వన్ బీ, అడంగల్, పాస్‌పుస్తకం, ఆధార్ జిరాక్స్, రెండు ఫోటోలు. కోల్డ్ స్టోరేజీలో పసుపు పెట్టిన వాళ్ళయితే రసీదు మీద బస్తాలెన్ని, కొమ్ములా, కాయా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, అన్నీ చూసుకుని రమ్మని కింద ఇంకో గీత. అంతే. మనం ఏం చేస్తాం? ఒక కాగితం అడుగుతాం, అది తెస్తే ఇంకోటి గుర్తొస్తుంది, అది తెచ్చేసరికి లంచ్ టైమ్ అవుతుంది. పేరుకలపూడి నుంచి బండి మీద వచ్చే మనిషికి పెట్రోలు ఖర్చు, కూలి పోగొట్టుకున్న పూట, ఇవి మన వోచర్లలో ఎక్కడా కనపడవు. ఒకసారి తనిఖీకి వచ్చినాయన విత్‌డ్రాయల్ ఫారాలు ఇన్నెందుకు ఖర్చవుతున్నాయని అడిగితే మేనేజర్ గారు నా వంక చూశారు, నేను శ్రీనివాస్ గారి వంక చూశాను. ఆయన ఫ్యాన్ వంక చూశారు.

సర్వర్ డౌన్ అయితే ఫోన్ నంబర్ రాసుకుని, "మీరు యార్డులో పని చూసుకోండి, వచ్చాక నేనే ఫోన్ చేస్తాను" అనేవారు. చేసేవారు కూడా. గట్టిగా అరుస్తూ. ఆయన ఫోన్ మాట్లాడితే బ్రాంచి మొత్తానికి ఎవరి అకౌంట్లో ఏముందో తెలిసిపోతుందని నేను ఎన్నిసార్లు కోప్పడ్డానో. అస్సాంలో కాస్త తగ్గించండి సార్, అక్కడి వాళ్ళు నెమ్మదిగా మాట్లాడతారట.

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి. రెండేళ్ళ కిందట సంక్రాంతి సెలవుల ముందు రోజు. పొద్దుట్నుంచి నెత్తి గోక్కోవడానికి ఖాళీ లేదు. సాయంత్రం క్యాష్ కట్టేసరికి 5,400 తక్కువ. క్యాషియర్లకి తెలుసు ఆ టెన్షన్ ఏంటో. తేడా వస్తే జేబులోంచి కట్టాల్సింది మనమే. డబ్బు సంగతి పక్కన పెట్టండి, ఇన్నేళ్ళ సర్వీసులో పేరు పోతుందనే భయం. ఇంటి దగ్గర పిల్లలు వచ్చి ఉన్నారు, అరిసెల పాకం పెట్టాలి. నేను కట్టలు మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతున్నాను, చేతులు వణుకుతున్నాయి. అందరూ పండక్కి బస్సులు పట్టుకోవడానికి వెళ్ళిపోయారు, ఎవర్నీ తప్పుపట్టను. శ్రీనివాస్ గారు బ్యాగు భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్ళినాయన వెనక్కి వచ్చారు. కట్టల జోలికి రాలేదు. "ఎంత మేడం తేడా?" అన్నారు. చెప్పాను. ఒక్క నిమిషం ఆగి, "తొమ్మిదితో పోతోంది మేడం. డబ్బు పోలేదు, అంకె తిరగబడింది" అన్నారు.

ఇక్కడ కొత్తగా చేరిన పిల్లలున్నారు కాబట్టి చెబుతున్నాను, రాసుకోండి. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడుతుంది. ఇద్దరం కలిసి ఆ రోజు జమ స్లిప్పులన్నీ తిరగేశాం. ఏడున్నరకి దొరికింది. స్లిప్పు మీద 3,900 ఉంది, నేను 9,300 కొట్టాను. సరిదిద్ది, వాల్ట్ మూసి బయటికొచ్చేసరికి ఆయన తెనాలి వెళ్ళే ఆఖరి పాసింజరు పోయింది. మా ఆయన స్కూటర్ మీద దింపాడు. ఇంటికెళ్ళి అరిసెలు వండాను గానీ పాకం ముదిరిపోయింది. అది మాత్రం నా తప్పే, తొమ్మిదితో పోలేదు.

ఇంతటి మనిషిలో లోపాలు లేవా అంటే, ఉన్నాయి. నా టేబుల్ మీద పెన్ను ఏది కనపడితే అది జేబులో పెట్టుకుని వెళ్తారు. లెక్క రాయడం మానేశాను గానీ ముప్పై దాటే ఉంటాయి. లంచ్ బాక్స్ ఆటోలో మరిచిపోయి వచ్చి, నా బాక్సు వంక చూడకుండా చూసేవారు. ఇక టీ. టీ పేరెత్తితే మొహం ముడుచుకునేవారు. పొద్దున ఫిల్టర్ కాఫీ పడకపోతే సంతకం కూడా వంకరపోతుంది. అలాంటి మనిషిని ఏరి కోరి తేయాకు తోటల మధ్యకి వేశారు చూడండి.

మే నెలలో ప్రమోషన్ల లిస్టు పీడీఎఫ్ వాట్సాప్‌లో వచ్చిన రోజు గుర్తుందా? అందరం ఆయన పేరు చూసి చప్పట్లు కొట్టాం. స్కేల్ త్రీ. పేరు పక్క గడి చూసేసరికి చప్పట్లు ఆగిపోయాయి. డిబ్రూగఢ్. మా సబ్‌స్టాఫ్ అబ్బాయి "అది మన దేశంలోనేనా సార్?" అని అడిగాడు. శ్రీనివాస్ గారు ఏమీ అనలేదు. ఎదురుగా కూర్చున్న ముగ్గురి బంగారం లోన్లు పూర్తిచేశారు. తర్వాత వెనక రికార్డు రూములో చాలాసేపు ఒక్కరే నిలబడ్డారు. అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, కదిలించడానికి లేదు. తెనాలిలో నాన్నగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్. ప్రమోషన్ అంటే స్వీట్లు అడుగుతాం గానీ, ఆ స్వీటు ఇంటిల్లిపాదికీ ఎలా ఉంటుందో ఎవరం అడగం. నిబంధనలు నిబంధనలే, అవి రాసిన వాళ్ళకి వాళ్ళ కారణాలు ఉంటాయి. అయినా ఇవాళ నాకు ఆ నిబంధన మీద కోపంగానే ఉంది, మేనేజర్ గారు క్షమించాలి.

మేడం గారు, అంటే శ్రీనివాస్ గారి ఇంటావిడ, ఇక్కడే ముందు వరసలో ఉన్నారు. అమ్మా, నాన్నగారి ఆసుపత్రి రోజులు మంగళ, శుక్రవారాలని మాకు తెలుసు. మా అప్రైజర్ గారిది తెనాలే, కారుంది, ఆయనే మాట ఇచ్చారు. మొహమాటపడకండి.

డిబ్రూగఢ్ గురించి నేనూ కాస్త చదివాను. కన్యాకుమారి నుంచి వచ్చే వివేక్ ఎక్స్‌ప్రెస్ విజయవాడలో ఎక్కితే దిగాల్సింది చివరి స్టేషన్లోనే. దేశంలో అన్నిటికంటే దూరం నడిచే బండి అదే. రెండు రోజుల పైమాటే ప్రయాణం. నిద్రపోయి స్టేషన్ దాటిపోతామన్న భయం లేదు, మీ మతిమరుపుకి అదొక సుఖం. అక్కడ బ్రహ్మపుత్ర మీద బోగీబీల్ వంతెన ఉంది, 2018లో ప్రారంభించారు, దాదాపు ఐదు కిలోమీటర్లు. మన ప్రకాశం బ్యారేజీలు నాలుగు వరసగా పెట్టినంత. గడియారం మనదే గానీ సూర్యుడు మనవాడు కాదు. ఈ జూన్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకే వెలుతురు వచ్చేస్తుందట, చలికాలం వస్తే సాయంత్రం నాలుగున్నరకే చీకటి. మీరు క్యాష్ కట్టేసరికి లైట్లు వేసుకోవాలి.

కారం సంగతి చెప్పాలి. గుంటూరు జిల్లా వాళ్ళం కదా, కారం మాదే అని మనకో గర్వం. అక్కడ భూత్ జొలోకియా అని ఒక మిరపకాయ ఉంది. 2007లో గిన్నిస్ వాళ్ళు ప్రపంచంలోకెల్లా ఘాటైనదని రాసింది దాన్నే. మన సన్నం మిరప దాని ముందు బెల్లం ముక్క. కాబట్టి ఎవరైనా ఆప్యాయంగా పెడితే, "మాది గుంటూరండీ" అని గొప్పకి పోకండి.

ఇంకో సంగతి. అస్సాం తేయాకు తోటల్లో పని కోసం తాతముత్తాతల కాలంలో మన ఉత్తరాంధ్ర వైపు నుంచి వెళ్ళిన కుటుంబాలు ఉన్నాయి. కొందరి ఇళ్ళలో తెలుగు ఇంకా మిగిలి ఉందట. ఏదో ఒకరోజు మీ కౌంటర్ ముందు అలాంటి మనిషి నిలబడొచ్చు. వాళ్ళకీ ఫారం వెనక తెలుగులో రాసివ్వకండి, చదవలేకపోవచ్చు. చదివి వినిపించండి, గట్టిగానే.

మా తరఫున ఇవిగో. గోంగూర పచ్చడి, యార్డు వాళ్ళు ఆడించి ఇచ్చిన పసుపు, కాఫీ ఫిల్టరు ఒకటి, రెండు కిలోల పొడి. గొడుగు కూడా పెట్టాం, అక్కడ వానలు మొదలయ్యాయి. ఈ డబ్బాలో పెన్నులు ముప్పై. ఇవి అయిపోయేదాకా అక్కడి క్యాషియర్ జోలికి వెళ్ళొద్దు.

ఇక ముగిస్తాను, ఎందుకంటే బయట ఒకావిడ ఉన్నారు. చిలువూరు మామ్మ. 2024 సంక్రాంతి తర్వాత, పోపుల డబ్బా అడుగున ఆరు రెండు వేల నోట్లు దొరికాయని కొంగున కట్టుకొచ్చింది. అప్పటికి బ్యాంకుల్లో మార్చే గడువు, 2023 అక్టోబరు 7, ఎప్పుడో దాటిపోయింది. అద్దంలోంచి నేను "చెల్లవు మామ్మా" అనేశాను. ఆవిడ అక్కడే కూలబడింది. శ్రీనివాస్ గారు కుర్చీ వేసి కూర్చోబెట్టి, అప్లికేషన్ నింపి, ఆధార్, పాస్‌బుక్ కాపీలు జతచేసి, దగ్గరుండి పోస్టాఫీసుకి తీసుకెళ్ళి హైదరాబాద్ రిజర్వ్ బ్యాంకుకి ఇన్సూర్డ్ పోస్టులో పంపించారు. కొన్నాళ్ళకి పన్నెండు వేలూ ఆవిడ అకౌంట్లో పడ్డాయి. ఇవాళ ఆయన వెళ్ళిపోతున్నారని ఎవరు చెప్పారో, నాలుగింటి నుంచి ఆయన సీటు ఎదురుగా అదే కుర్చీలో కూర్చుంది. చేతిలో ఏదో కాగితం ఉంది. పెన్షన్ పనే అనుకుంటా.

బజ్జీలు చల్లారితే చల్లారాయి సార్. ముందు వెళ్ళి ఆవిడ సంగతి చూడండి. రేపు రమ్మందామంటే, రేపు మీరుండరు.