మా నాన్నగారి బిల్లులో ప్రతి పద్దుకూ వివరం ఇవ్వాలని అప్పీలు

నందిగామ,
8 జులై 2024

మెడికల్ సూపరింటెండెంట్ గారికి,
విజయవాడ.

కాపీ: బిల్లింగ్ విభాగం మేనేజర్ గారికి

విషయం: ఐపీ నంబరు 24-06-1187, పేషెంట్ వెంకటేశ్వరరావు (వయసు 63), గుండె విభాగం. 15 జూన్ 2024 నాటి ఫైనల్ బిల్లు రూ. 3,92,990. డిశ్చార్జ్ పేపర్లతో సరిచూసి విడివిడిగా వివరాలు ఇవ్వవలసిందిగా మనవి.

నమస్కారమండీ,

నేను పేషెంట్ వెంకటేశ్వరరావు గారి పెద్దమ్మాయిని. జూన్ 11 రాత్రి ఛాతీనొప్పితో నాన్నగారిని మీ ఎమర్జెన్సీకి తీసుకొచ్చాం. గంటన్నర తిరక్కుండానే యాంజియోప్లాస్టీ చేసి ఆయన్ను బతికించారు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టర్లకు, సిస్టర్లకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం. వైద్యం గురించి మాకు ఏ ఫిర్యాదూ లేదు. నేను అడుగుతున్నదల్లా బిల్లు గురించే.

డిశ్చార్జ్ రోజే కౌంటర్లో వివరాలు అడిగాను. "సిస్టంలో ఇంతే వస్తుంది మేడమ్" అన్నారు. జూన్ 24న మెయిల్ పెట్టాను. మూడు రోజులకు "ఆస్పత్రి టారిఫ్ ప్రకారమే చార్జీలు వేయడమైనది" అని రెండు లైన్ల జవాబు వచ్చింది. అందులో నా ప్రశ్నలు ఒక్కదానికీ సమాధానం లేదు కాబట్టి మీకు నేరుగా రాస్తున్నాను.

3,92,990 రూపాయల బిల్లులో ఉన్నవి తొమ్మిది లైన్లు. సీసీయూ 4 రోజులు 38,000. రూమ్ 3 రోజులు 14,400. క్యాత్‌ల్యాబ్ ప్రొసీజర్ 95,000. క్యాత్‌ల్యాబ్ ఇంప్లాంట్, కన్స్యూమబుల్స్ 1,12,600. ఫార్మసీ 58,340. పరీక్షలు 31,450. డాక్టర్ విజిట్స్, క్రాస్ కన్సల్టేషన్ 24,500. ఇతరములు 16,800. జీఎస్టీ 1,900. ఇందులో నేను పనిచేసే కంపెనీ ఇన్సూరెన్స్ 2,40,000 ఇచ్చింది. మిగతా 1,52,990 మేం కట్టాం. కట్టాక డిశ్చార్జ్ సమ్మరీని, బిల్లును పక్కపక్కన పెట్టుకుని చదివితే చాలాచోట్ల రెండూ కలవడం లేదు.

ముందు రోజుల లెక్క. డిశ్చార్జ్ సమ్మరీ మొదటి పేజీలో అడ్మిషన్ టైము జూన్ 11 రాత్రి 9.40 అని ఉంది. రెండో పేజీలో "13వ తేదీ ఉదయం 10.15కి సీసీయూ నుంచి వార్డుకు మార్చడమైనది" అని ఉంది. అంటే సీసీయూలో ఉన్నది ముప్పై ఆరున్నర గంటలు. 24 గంటలకు ఒక రోజు చొప్పున వేసినా, కొసరు గంటలకు పూర్తి రోజు కట్టినా రెండు రోజులవుతుంది. క్యాలెండరు ప్రకారం 11, 12, 13 అని లెక్కపెట్టినా మూడే. నాలుగో రోజు ఎక్కడి నుంచి వచ్చింది? ఇక వార్డు రూమ్‌కు 13, 14, 15 అని మూడు రోజులు వేశారు. సీసీయూ 4, రూమ్ 3 కలిపితే ఏడు రోజులు. 11వ తేదీ రాత్రి నుంచి 15వ తేదీ దాకా ఎలా లెక్కేసినా ఐదు రోజులకు మించవు. ఒకే తేదీకి రెండు మంచాల అద్దె పడిందేమో దయచేసి చూడండి.

15వ తేదీ సంగతి కూడా చెప్పాలి. డిశ్చార్జ్ సమ్మరీపై డాక్టరు గారు సంతకం పెట్టింది ఉదయం 11.30కి. మేం బయటపడింది రాత్రి 7.20కి. మధ్యలో ఇన్సూరెన్స్ అప్రూవల్ రాలేదని కూర్చోబెట్టారు. ఆ ఎదురుచూపు వల్ల రూమ్ చార్జీ పడి ఉంటే, మీ రూల్ ఏమిటో రాసి ఇవ్వండి.

జీఎస్టీ 1,900 అంటే సరిగ్గా 38,000 మీద 5 శాతం. సీసీయూ మీద వేసినట్టు తెలిసిపోతోంది. జులై 2022 నుంచి రోజుకు 5,000 రూపాయలు దాటిన రూమ్ అద్దెకు 5 శాతం పన్ను వచ్చిన మాట నిజమే. కానీ ఐసీయూ, సీసీయూలను అందులోంచి మినహాయించారు. మా రూమ్ అద్దె రోజుకు 4,800 కాబట్టి దానికీ ఆ పన్ను రాదు. మరి ఈ 1,900 దేని మీద వేశారో తెలియజేయగలరు.

ఇక స్టెంట్. డిశ్చార్జ్ సమ్మరీలో ఎల్ఏడీ రక్తనాళంలో ఒక డ్రగ్ ఎల్యూటింగ్ స్టెంట్, సైజు 3.0 × 28 మి.మీ. వేసినట్టు ఉంది. కానీ దాని కంపెనీ పేరు, బ్రాండు, బ్యాచ్ నంబరు ఎక్కడా లేవు. స్టిక్కర్ అంటించాల్సిన గడి ఖాళీగా ఉంది. బిల్లులో స్టెంట్, బెలూన్లు, వైర్లు అన్నీ కలిపి 1,12,600 అని ఒకే లైను. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టినప్పుడే, స్టెంట్ ధరను బిల్లులో విడిగా, బ్రాండు, కంపెనీ, బ్యాచ్ వివరాలతో చూపాలని ఆస్పత్రులకు చెప్పింది. డబ్బు సంగతి అలా ఉంచినా, నాన్నగారి గుండెలో ఏముందో మా చేతిలో కాగితం ఉండాలి కదండీ. రేపు ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు అడిగితే మేం ఏం చూపించాలి? స్టెంట్ స్టిక్కర్, దాని ఇన్‌వాయిస్ కాపీ, వాడిన బెలూన్లు, వైర్లు, క్యాథెటర్లు ఒక్కోటి ఎన్ని, ఒక్కోదాని ఎమ్మార్పీ ఎంత అన్నది ఇవ్వండి.

ఫార్మసీ పద్దు గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఇది నా కళ్లముందు జరిగింది. 15వ తేదీ ఉదయం సిస్టర్ గారు మంచం పక్కన సొరుగు తెరిచి, వాడకుండా మిగిలినవన్నీ ఒక నీలం కవర్లో వేశారు. సీల్ తీయని ఎనోక్సాపారిన్ సిరంజీలు ఆరు, సెలైన్ సీసాలు రెండు, విప్పని గ్లవుజుల ప్యాకెట్ ఒకటి. రిటర్న్ చీటీ రాసి నాతో సంతకం పెట్టించుకున్నారు. "ఫైనల్ బిల్లులో తగ్గిస్తారమ్మా" అన్నారు. ఆ చీటీని అప్పుడే ఫోన్లో ఫొటో తీసుకున్నాను, జత చేస్తున్నాను. డిశ్చార్జ్ సమ్మరీలో కూడా ఎనోక్సాపారిన్ 13వ తేదీ దాకానే ఇచ్చినట్టు ఉంది. కాబట్టి సిరంజీలు మిగలడం సహజమే. కానీ బిల్లులో రిటర్న్ కింద ఒక్క రూపాయి కూడా తగ్గినట్టు కనిపించలేదు. 58,340 కి మందుల పేరు, తేదీ, సంఖ్య, బ్యాచ్, ఎమ్మార్పీ ఉన్న ఫార్మసీ బిల్లులన్నీ, రిటర్న్ బిల్లుతో సహా ఇప్పించండి.

పరీక్షలకు 31,450 వేశారు. మాకు ఇచ్చిన ఫైల్లో రక్తపరీక్షల రిపోర్టులు, నాలుగు ఈసీజీలు, ఒక ఎకో, ఒక ఎక్స్‌రే ఉన్నాయి. ఇంకేమైనా చేసి ఉంటే ఆ రిపోర్టులు మాకు అందలేదు. ఏ రోజు ఏ పరీక్ష, ఎంత అన్న పట్టిక కావాలి. డాక్టర్ విజిట్ల విషయంలో సమ్మరీలో కార్డియాలజిస్టు గారు, షుగరు కోసం చూసిన ఫిజీషియన్ గారు తప్ప వేరే ఎవరి పేరూ లేదు. బిల్లులో క్రాస్ కన్సల్టేషన్ అన్నది ఆ ఫిజీషియన్ గారొక్కరికేనా, ఇంకెవరైనా చూశారా, ఎన్నిసార్లు వచ్చారో చెప్పండి. క్యాత్‌ల్యాబ్ ప్రొసీజర్ 95,000లో డాక్టరు ఫీజు, క్యాత్‌ల్యాబ్ అద్దె విడివిడిగా చూపాలి.

మిగిలింది "ఇతరములు 16,800". దీని గురించి నాకు ఊహ కూడా అందడం లేదు. నాన్నగారికి నందిగామలో ముప్పై ఏళ్లుగా కిరాణా కొట్టు ఉంది. ఇంటికొచ్చిన నాలుగో రోజు కళ్లజోడు పెట్టుకుని బిల్లు మీద వేలు పెట్టి ఒక్కో లైనూ చదువుకుంటూ వచ్చి, ఇక్కడ ఆగిపోయారు. "ఇతరములు అని పదహారు రూపాయలు రాస్తేనే నా ఖాతాదారులు ఊరుకోరే, ఇదేంటమ్మా" అన్నారు. ఆయన్ను టెన్షన్ పడొద్దని మీ డాక్టర్లే చెప్పి పంపారు. నేను కాగితాలు దాచేశాను. కానీ రోజూ అడుగుతూనే ఉన్నారు, తన వైద్యానికి తమ్ముడు అప్పు తెచ్చాడని ఆయనకు తెలుసు. ఆ 16,800 దేనిదో ఆయనకు చెప్పగలిగేలా ఒక కాగితం ఇవ్వండి.

వీటితో పాటు సీసీయూ, వార్డు కేస్ షీట్ల కాపీలు, అంటే నర్సింగ్ చార్టు, మందులు ఇచ్చిన చార్టు, క్యాత్‌ల్యాబ్ నోట్స్, ఇంకా జూన్ నెలలో అమల్లో ఉన్న మీ రేట్ల పట్టిక కావాలి. రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల్లో ఉంది. జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల చార్టర్‌లో కూడా వివరమైన బిల్లు పొందడం రోగి హక్కుగానే ఉంది. కాపీలకు అయ్యే ఖర్చు నేనే కడతాను.

తొందర ఎందుకంటే, మా ఇన్సూరెన్స్ వాళ్లు కోత పెట్టిన మొత్తాన్ని మళ్లీ పరిశీలించాలంటే పద్దులవారీ బిల్లు జులై 25లోగా పంపమన్నారు. అందుకని జులై 18లోగా మీ జవాబు రాతపూర్వకంగా అందితే మాకు వీలవుతుంది. లెక్క సరిగ్గా ఉంటే ఏ లైను ఎందుకో చెప్పండి, మేం ఒప్పుకుంటాం. పొరపాటు ఉంటే బిల్లు సవరించి, ఎక్కువ కట్టిన డబ్బు నేను కట్టిన ఖాతాకే వాపసు చేయండి. సీసీయూ రోజులు, జీఎస్టీ, మందుల రిటర్న్, ఈ మూడూ మీ కంప్యూటర్లో ఒక్క పూటలో తేలిపోయేవే అనుకుంటున్నాను.

కూర్చుని మాట్లాడుకుందాం అంటే ఏ శనివారమైనా వస్తాను. బిల్లింగ్ నుంచి ఒకరు, గుండె విభాగం నుంచి ఒకరు ఉండేలా టైమ్ ఇవ్వండి. నా ఫోన్ నంబరు అడ్మిషన్ ఫారంలో ఉన్నదే. నాన్నగారికి మాత్రం ఫోన్ చేయవద్దని మనవి. ఆయన తరఫున నేను అడగడానికి ఆయన సంతకం చేసిన అంగీకార పత్రం జత చేశాను.

ఇట్లు,
స్వాతి
(వెంకటేశ్వరరావు గారి కుమార్తె)

జతపరచినవి: డిశ్చార్జ్ సమ్మరీ కాపీ (3 పేజీలు), ఫైనల్ బిల్లు, చెల్లింపు రసీదు, మందుల రిటర్న్ చీటీ ఫొటో, జూన్ 24 నాటి నా మెయిల్, దానికి మీ జవాబు, ఇన్సూరెన్స్ కంపెనీ లేఖ, నాన్నగారి అంగీకార పత్రం.