పాటల రచయిత ఒప్పంద పత్రం

2025 ఆగస్టు 18న హైదరాబాద్‌లో రాసుకున్న ఒప్పందం.

ఒక పక్షం: నల్లవాగు చిత్రాలయం, ఫిలింనగర్, హైదరాబాద్, తరఫున మేనేజింగ్ పార్ట్‌నర్ బద్దం రవీందర్ (ఇకపై ‘నిర్మాత’). రెండో పక్షం: హనుమకొండ నివాసి కొమ్మూరి శ్రీవత్స (ఇకపై ‘రచయిత’).

1. పని. నిర్మాత తీస్తున్న ‘ప్రొడక్షన్ నెం. 3’కి రచయిత నాలుగు పాటలు, ఒక బిట్ సాంగ్ రాస్తారు: హీరో పరిచయ గీతం, జంట పాట, బతుకమ్మ పాట, క్లైమాక్స్ ముందు వచ్చే విషాద గీతం, పెళ్లిపందిట్లో వినిపించే బిట్. సినిమా పేరు మారినా ఒప్పందం మారదు. ట్యూన్, సందర్భం చేతికందిన 15 రోజుల్లో మొదటి వెర్షన్ ఇవ్వాలి. ఒక్కో పాటకు మూడు వెర్షన్ల వరకు అదనపు చెల్లింపు ఉండదు. నాలుగోది అడిగితే రూ. 10,000.

2. పారితోషికం. మొత్తం రూ. 4,00,000. సంతకం రోజున అడ్వాన్సు రూ. 1,00,000, ఒక్కో పాట రికార్డింగ్ పూర్తయిన వారంలో రూ. 60,000, మిగిలిన రూ. 60,000 సెన్సార్‌కు దరఖాస్తు చేసేలోపు. టీడీఎస్ మినహాయించి సర్టిఫికెట్ ఇస్తారు. కాపీరైట్ బదిలీపై జీఎస్టీ వర్తిస్తే రివర్స్ చార్జ్ కింద నిర్మాతే కడతారు. ఈ పారితోషికం రాసినందుకు ఇచ్చేది. దీన్ని రాయల్టీకి అడ్వాన్సుగా చూపకూడదు.

3. హక్కుల అప్పగింత. రికార్డయిన పాటల సాహిత్యాన్ని సినిమాలోను, ఆడియో, లిరికల్ వీడియో, టీవీ, ఓటీటీ, స్ట్రీమింగ్, రేడియో, కాలర్ ట్యూన్లు, పబ్లిసిటీ, డబ్బింగ్ వెర్షన్లలోను వాడుకునే హక్కును, ప్రపంచమంతటా, కాపీరైట్ అమల్లో ఉన్నంత కాలానికి, రచయిత నిర్మాతకు అప్పగిస్తున్నారు. ఐపీఆర్‌ఎస్ సభ్యుడిగా ఆ సొసైటీకి ఇప్పటికే అప్పగించినవి ఇందులోకి రావు. నేటికి వాడుకలో లేని, ఇక్కడ పేర్కొనని మాధ్యమానికి ఈ అప్పగింత వర్తించదు. దానికి విడిగా రాసుకోవాలి.

పాటల్ని తన పుస్తకంలో అచ్చువేసుకునే హక్కు, సభల్లో చదువుకునే హక్కు రచయితవే. రికార్డు కాని పాట మొత్తంగా రచయితకే తిరిగొస్తుంది. అడ్వాన్సు వెనక్కి అడగరు. ఏడాదిలో వాడకపోతే హక్కు రద్దయ్యే చట్ట నిబంధనకు బదులుగా ఇక్కడ మూడేళ్ల గడువు పెట్టుకున్నాం: 2028 ఆగస్టు 18లోపు సినిమా గాని, పాట గాని విడుదల కాకపోతే సాహిత్యం రచయితది.

4. రాయల్టీ. థియేటర్లో సినిమాతో పాటు వినిపించినప్పుడు రాయల్టీ లేదు. అది తప్ప మరే వాడకానికైనా, కాపీరైట్ చట్టం 1957లోని 18, 19 సెక్షన్ల (2012 సవరణ) ప్రకారం రాయల్టీ రచయిత హక్కు. దాన్ని వారసులకు, కాపీరైట్ సొసైటీకి తప్ప ఎవరికీ రాసివ్వడానికి చట్టం ఒప్పుకోదు. ‘రాయల్టీ వద్దు’ అని రచయిత ఏ కాగితం మీద సంతకం చేసి ఉన్నా చెల్లదు.

సొసైటీ వసూలు చేసేది సొసైటీ నియమాల ప్రకారం పంచుతారు. నిర్మాతకే నేరుగా అందే రాయల్టీలో సగం నిర్మాతది. మిగతా సగం రచయితకు, సంగీత దర్శకుడికి సమానంగా. ఆడియో కంపెనీకి హక్కులు అమ్మేటప్పుడు ఈ షరతుకు కంపెనీ కూడా కట్టుబడేలా నిర్మాత రాయించాలి. అక్కడ రాయించకపోతే ఇక్కడి మాటకు విలువుండదు కాబట్టి, ఆ అమ్మకపు ఒప్పందంలోని సంబంధిత పేజీ నకలు రచయితకు వారంలో అందాలి. సినిమా విడుదలైన 30 రోజుల్లో నిర్మాత క్యూ షీట్ ఇవ్వాలి. లెక్కలు ఏటా ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో.

5. పేరు. టైటిల్స్‌లో ‘పాటలు: కొమ్మూరి శ్రీవత్స’ అని విడి కార్డు, సంగీత దర్శకుడి కార్డు వెంటనే. వేరే రచయితలూ ఉంటే పాటలవారీగా పేర్లు వేయాలి. లిరికల్ వీడియో, యూట్యూబ్ వివరణ, స్ట్రీమింగ్ యాప్‌లు, పాటల పోస్టర్లు అన్నింటా పేరుండాలి. తప్పు పడితే చెప్పిన మూడు పనిదినాల్లో ఆన్‌లైన్‌లో సరిదిద్దాలి. థియేటర్ ప్రింట్లలో దిద్దలేకపోతే ఓటీటీ కాపీలోనైనా దిద్దాలి.

6. నైతిక హక్కులు. సెక్షన్ 57 కింద రచయితగా గుర్తింపు హక్కు, తన పేరుకు మచ్చ తెచ్చే వికృతీకరణను అడ్డుకునే హక్కు, పై అప్పగింత తర్వాతా రచయితవే.

గాయకుడి ఊపిరికి తగ్గట్టు అక్షరం సాగదీయడం, నిడివి కోసం సినిమాలో ఒక చరణం తీసేయడం వికృతీకరణ కాదు. పదం మార్చడం మాత్రం మార్పే. సెన్సార్ అభ్యంతరం చెబితే ముందుగా రచయితకే తెలపాలి. 48 గంటల్లో ఆయన ప్రత్యామ్నాయం ఇవ్వకపోతే ఆ పదం మేరకే నిర్మాత మార్చుకోవచ్చు. ఇంకొకరు రాసిన పాదాన్ని రచయిత పేరు మీద చేర్చకూడదు. చేరిస్తే ఆ రెండోవారి పేరూ వేయాలి. ఇష్టం లేకపోతే రచయిత తన పేరు తీయించుకోవచ్చు, పారితోషికం, రాయల్టీ తగ్గవు.

7. హామీ. సాహిత్యం తన సొంతమని రచయిత హామీ ఇస్తున్నారు. బతుకమ్మ పాటలో జానపద పల్లవి వాడితే దాని ఆధారం ముందే రాసివ్వాలి. అందరిదీ అనుకున్న పాదం ఎవరో రాసినదని తేలితే ఆ చిక్కు ఇద్దరికీ చుట్టుకుంటుంది.

8. వివాదం. 30 రోజుల్లో మాటలతో తేలకపోతే 1996 మధ్యవర్తిత్వ చట్టం కింద ఇరుపక్షాలూ ఒప్పుకున్న ఏకైక మధ్యవర్తి ముందుకు, హైదరాబాద్‌లోనే. మార్పులేవైనా ఇద్దరి సంతకాలతో కాగితం మీద ఉంటేనే చెల్లుతాయి. ఫోన్లో అనుకున్నవి చెల్లవు.

చదివి, అర్థం చేసుకుని, రెండు ప్రతులపై సంతకాలు చేశాం.

(సంతకం) బద్దం రవీందర్, నిర్మాత తరఫున
(సంతకం) కొమ్మూరి శ్రీవత్స, రచయిత
సాక్షులు: (సంతకం) ఎం. సుధాకర్, (సంతకం) పి. లలిత