ε, μ ల నుంచి వక్రీభవన గుణకం: క్లాసు నోట్సు

నిన్న క్లాసు అయిపోయాక ఒక విద్యార్థిని నోట్‌బుక్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నీటి రోధక స్థిరాంకం 80 అని టేబుల్లో చూసి, దాని వర్గమూలమే వక్రీభవన గుణకం అనే సూత్రంలో పెట్టి, 8.9 అని రాసుకుంది. ల్యాబ్‌లో తనే ప్రిజంతో కొలిచినప్పుడు మాత్రం 1.33 వచ్చింది. "సార్, నేను ఎక్కడ తప్పు చేశాను?" అని అడిగింది. లెక్కలో తప్పు లేదు. సూత్రమూ సరైనదే. అలాంటప్పుడు జవాబు ఎందుకు కుదరలేదో తెలియాలంటే, ఆ సూత్రం ఎలా పుట్టిందో మొదటి నుంచి చూడాలి. అందుకే బోర్డు మీద హడావిడిగా ముగించినదాన్ని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

ముందుగా యానకం ఎలాంటిదో చెప్పుకుందాం. అందులో స్వేచ్ఛా ఆవేశాలు లేవు, విద్యుత్ ప్రవాహం లేదు. అన్ని చోట్లా ఒకేలా ఉంటుంది, అన్ని దిశల్లోనూ ఒకేలా ప్రవర్తిస్తుంది. దాని పెర్మిటివిటీ ε, పెర్మియబిలిటీ μ. అప్పుడు మాక్స్‌వెల్ సమీకరణాలు ఇలా ఉంటాయి:

∇·E = 0
∇·B = 0
∇×E = −∂B/∂t
∇×B = με ∂E/∂t

మొదటి సమీకరణం నిజానికి ∇·(εE) = 0. యానకమంతటా ε ఒకటే కాబట్టి దాన్ని బయటికి తీయగలిగాం. ఎత్తును బట్టి సాంద్రత మారే గాలిలో ఇలా తీసేయడం కచ్చితంగా చెల్లదు. పరీక్షలో చాలామంది ఈ షరతు రాయకుండా దాటేస్తారు. దయచేసి రాయండి, మిగతా నిరూపణ అంతా దీని మీదే నిలబడుతుంది.

మూడో సమీకరణానికి రెండు వైపులా కర్ల్ తీసుకుందాం:

∇×(∇×E) = −∂(∇×B)/∂t

కుడివైపు ∇×B స్థానంలో నాలుగో సమీకరణం పెడితే −με ∂²E/∂t² వస్తుంది. ఎడమవైపుకి సదిశల సర్వసమీకరణం ఉంది:

∇×(∇×E) = ∇(∇·E) − ∇²E

ఇందులో ∇·E సున్నా కాబట్టి −∇²E ఒక్కటే మిగులుతుంది. రెండు వైపులా రుణ గుర్తు పోతే:

∇²E = με ∂²E/∂t²

నాలుగో సమీకరణానికి కర్ల్ తీసుకుంటే B కి కూడా ఇదే రూపం వస్తుంది. ఒకసారి మీరే చేసి చూసుకోండి. ఇక v వేగంతో కదిలే ఏ తరంగానికైనా సమీకరణం ఇది:

∇²ψ = (1/v²) ∂²ψ/∂t²

రెండింటినీ పోల్చితే 1/v² = με. అంటే

v = 1/√(με)

ఇక్కడ ఒక్క నిమిషం ప్రమాణాలు చూడండి. ε కి ఫారడ్/మీటరు, μ కి హెన్రీ/మీటరు. ఫారడ్ అంటే సెకను/ఓమ్, హెన్రీ అంటే ఓమ్·సెకను. గుణిస్తే ఓమ్‌లు పోయి సెకను²/మీటరు² మిగులుతుంది, అంటే వేగం వర్గానికి విలోమం. కెపాసిటర్‌కి చెందిన ఒక స్థిరాంకం, కాయిల్‌కి చెందిన ఇంకో స్థిరాంకం కలిసి ఒక వేగాన్ని ఇస్తున్నాయి. ఇన్నేళ్లుగా చెబుతున్నా ఈ లైను దగ్గర నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

శూన్యంలో ε₀ = 8.854×10⁻¹² F/m, μ₀ = 1.257×10⁻⁶ H/m. వీటిని పెడితే c = 1/√(μ₀ε₀) = 2.998×10⁸ m/s. అది కాంతి వేగమే. 1856లో వెబర్, కోల్‌రాష్ లేడెన్ జాడీని ఆవేశపరిచి, దాన్ని డిశ్చార్జ్ చేస్తూ చేసిన కొలతల నుంచి దాదాపు 3.1×10⁸ వచ్చింది. ఆ ప్రయోగంలో కాంతి అన్నదే లేదు. 1849లో ఫిజో తిరిగే పళ్ల చక్రంతో నేరుగా కాంతి వేగాన్ని కొలిస్తే వచ్చిందీ దాదాపు అంతే. ఈ రెండు అంకెలు పక్కపక్కన కనిపించడంతో, కాంతి కూడా విద్యుదయస్కాంత తరంగమేనన్న నిర్ణయానికి మాక్స్‌వెల్ వచ్చాడు.

వక్రీభవన గుణకం అంటే శూన్యంలో వేగానికీ, యానకంలో వేగానికీ ఉన్న నిష్పత్తి:

n = c/v = √(με) / √(μ₀ε₀) = √(μᵣεᵣ)

ఇక్కడ εᵣ = ε/ε₀, μᵣ = μ/μ₀. టేబుల్లో కనిపించే రోధక స్థిరాంకం ఈ εᵣ నే. గాజు, నీరు, గాలి లాంటి వాటిలో μᵣ దాదాపు 1 కాబట్టి n ≈ √εᵣ.

సరిచూద్దాం. గాలికి εᵣ = 1.00059, వర్గమూలం 1.000295. కొలిచిన n 1.00029. బెంజీన్‌కి εᵣ 2.28, వర్గమూలం 1.51. కొలిచినది 1.50. వజ్రానికి 5.7, వర్గమూలం 2.39. కొలిచినది 2.42. ఇంత చక్కగా కుదురుతున్న సూత్రం నీటి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తలకిందులైంది?

కారణం నీటి అణువులోనే ఉంది. దానికి శాశ్వత ద్విధ్రువం ఉంది. కెపాసిటర్ పలకల మధ్య నీళ్లు పోసి స్థిరమైన క్షేత్రం పెడితే అణువులన్నీ నెమ్మదిగా ఆ దిశకు తిరుగుతాయి. టేబుల్లోని 80 లో ఎక్కువ భాగం ఈ తిరగడం వల్ల వచ్చినదే. అలా తిరగడానికి సుమారు 10⁻¹¹ సెకను పడుతుంది. పసుపు కాంతిలో క్షేత్రం ఒక డోలనం పూర్తి చేసేది 2×10⁻¹⁵ సెకనులో. అణువు ఒక్కసారి తిరిగేలోపు క్షేత్రం వేల సార్లు దిశ మార్చుకుంటుంది. పాపం, అణువు ఎటు తిరగాలి? కదలకుండా ఉండిపోతుంది. ఆ వేగాన్ని అందుకోగలిగేవి తేలికైన ఎలక్ట్రాన్లు మాత్రమే. వాటి వల్ల వచ్చే εᵣ 1.77, దాని వర్గమూలం 1.33. ప్రిజం చూపించింది అదే.

కాబట్టి సూత్రంలో పెట్టాల్సింది ఆ తరంగం పౌనఃపున్యం దగ్గరి ε. బెంజీన్, వజ్రం మనల్ని ఇబ్బంది పెట్టలేదంటే వాటిలో ఇలా తిరిగే ద్విధ్రువాలు లేవు కనుకనే. ఆ అమ్మాయి రాసుకున్న 8.9 కూడా వృథా కాదు. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 GHz దగ్గర నీటి εᵣ ఇంకా 80 కి దగ్గరగానే ఉంటుంది, n దాదాపు 8.8. బయట 12.2 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం నీళ్లలోకి వెళ్లేసరికి సుమారు 1.4 సెంటీమీటర్లు అవుతుంది. పౌనఃపున్యం మారదు, తరంగదైర్ఘ్యమే n రెట్లు తగ్గుతుంది.

μᵣ ని 1 అనుకుని వదిలేయడం అలవాటైపోకూడదు. ఒక పౌనఃపున్యం దగ్గర εᵣ = 10, μᵣ = 10 ఉన్న యానకం ఉందనుకోండి. n = 10. శూన్యంలోంచి దాని మీద తరంగం లంబంగా పడితే ఎంత వెనక్కి వస్తుంది? మామూలు ఫ్రెనెల్ సూత్రంతో చేస్తే (9/11)², అంటే దాదాపు 67 శాతం. కానీ సరైన జవాబు సున్నా. పరావర్తనాన్ని నిర్ణయించేది √(μ/ε), దాని విలువ ఇక్కడ శూన్యంలో ఎంతో అంతే. వేగం με లబ్ధాన్ని బట్టి, పరావర్తనం μ/ε నిష్పత్తిని బట్టి ఉంటాయి. μᵣ = 1 అయినప్పుడు మాత్రమే n ఒక్కటే రెండింటికీ సరిపోతుంది.

సోమవారానికి ఒక లెక్క. ఉప్పు స్ఫటికానికి స్థిర క్షేత్రంలో εᵣ = 5.9, పసుపు కాంతికి n = 1.544. ఉప్పులో ద్విధ్రువ అణువులు లేవు, అయినా √5.9 = 2.43. ఈ తేడాకి కారణమైనవి ఏ కణాలు? అవి కాంతితో పాటు ఎందుకు ఊగలేకపోతున్నాయి?