పెల్లెట్ లైన్-1 నిలిచిపోవడంపై మూలకారణ నివేదిక (ఆగస్టు 9, 10 తేదీలు)

జనరల్ మేనేజర్ (ప్లాంట్) గారికి
పంపినది: ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగం
ప్లాంటు: రొయ్యల మేత తయారీ, రణస్థలం మండలం, శ్రీకాకుళం జిల్లా
నివేదిక తేదీ: 14 ఆగస్టు 2025

ఏం జరిగింది

ఆగస్టు 9 శనివారం రాత్రి 10:42కి పెల్లెట్ లైన్-1 ఆగిపోయింది. మరుసటి రోజు సాయంత్రం 5:20కి మళ్లీ మేత రావడం మొదలైంది. మొత్తం 18 గంటల 38 నిమిషాలు. గంటకు 5 టన్నుల లెక్కన దాదాపు 93 టన్నుల ఉత్పత్తి పోయింది. ఆదివారం లోడింగుకి వచ్చిన రెండు లారీలు సోమవారం వరకు ఆగాల్సి వచ్చింది. ఎవరికీ గాయం కాలేదు.

ఆగడానికి కారణం పీఎల్‌సీ ప్యానెల్‌లో ఉన్న ఒక అనలాగ్ ఇన్‌పుట్ కార్డు కాలిపోవడం. కానీ "కార్డు పోయింది, మార్చాం" అని రాసి ఈ ఫైలు మూసేస్తే ఇదే సంఘటన మళ్లీ వస్తుంది. కార్డు పోవడానికి ఒక కారణం ఉంది. పోయిన కార్డు మన దగ్గర 18 గంటలు ఎందుకు తిన్నదనే ప్రశ్నకు మాత్రం వేరే కారణాలున్నాయి. ఈ నివేదికలో ఎక్కువ భాగం వాటి గురించే.

సమయం ఎక్కడ పోయింది

రాత్రి 10:42 నుంచి 1:10 వరకు బాయిలర్ వైపు వెతికాం: 2 గంటల 28 నిమిషాలు.
1:10 నుంచి 3:20 వరకు ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ శ్రీకాకుళం నుంచి రావడం, తప్పు కార్డులో ఉందని తేలడం: 2 గంటల 10 నిమిషాలు.
3:20 నుంచి 5:40 వరకు కార్డును కాల్చిన షార్ట్ వెతకడం: 2 గంటల 20 నిమిషాలు.
5:40 నుంచి మధ్యాహ్నం 1:30 వరకు కార్డు కోసం వెతుకులాట: 7 గంటల 50 నిమిషాలు.
1:30 నుంచి 3:00 వరకు బిగింపు, పరీక్ష: గంటన్నర.
3:00 నుంచి 5:20 వరకు డై శుభ్రం చేయడం, కండిషనర్ వేడెక్కించడం: 2 గంటల 20 నిమిషాలు.

కార్డు మార్చే అసలు పని గంటన్నరే. మిగతా 17 గంటల పైచిలుకు దానికి ముందూ వెనకా పోయింది.

కార్డు ఎందుకు కాలింది

ఆ కార్డులో ఎనిమిది ఛానెళ్లు ఉన్నాయి. కండిషనర్ ఉష్ణోగ్రత, ఆవిరి పీడనం, పెల్లెట్ మిల్లు మోటారు కరెంటు, మరికొన్ని కొలతలు దానిలోకే వస్తాయి. అన్నీ 4-20 మిల్లీ ఆంప్స్ సిగ్నళ్లే. ప్రతి ఛానెల్‌లో కరెంటును వోల్టేజీగా మార్చడానికి 250 ఓమ్‌ల రెసిస్టరు ఉంటుంది.

ఆవిరి పీడనం ట్రాన్స్‌మిటర్ బయట పైపుల ర్యాక్ మీద ఉంది. దాని కేబుల్ లోపలికి వెళ్లే గ్లాండు కేబుల్ సైజుకి సరిపోలేదు. ఎప్పుడో ఎవరో టేపు చుట్టి సర్దారు. పైపుల కంపనానికి కేబుల్ ఆ గ్లాండు అంచున రాసుకుపోయి ఇన్సులేషన్ అరిగిపోయింది. ఆ వారం మూడు రోజులుగా ముసురు. సముద్రం దగ్గర కావడంతో గాల్లో ఉప్పు కూడా ఎక్కువే. టేపు సందుల్లోంచి నీరు దిగింది. శనివారం రాత్రి రెండు తీగల రాగి ఒకదానికొకటి తగిలింది. లూప్ విప్పి కొలిస్తే ఆ రెండు తీగల మధ్య 3 ఓమ్‌లు కూడా లేవు.

ట్రాన్స్‌మిటర్ బాగున్నప్పుడు లూప్‌లో కరెంటు 20 దగ్గరే ఆగుతుంది. తీగలు కలిసిపోతే 24 వోల్టులు నేరుగా ఆ 250 ఓమ్‌ల రెసిస్టరు మీద పడతాయి. అప్పుడు కరెంటు దాదాపు 96 మిల్లీ ఆంప్స్, వేడి 2.3 వాట్లు. అలాంటి చిన్న రెసిస్టరు అంత వేడి తట్టుకోదు. కాలిన తర్వాత 24 వోల్టులు కార్డు లోపలి సర్క్యూట్‌కి తగిలాయి. ఈ కార్డులో ఛానెళ్ల మధ్య ఐసొలేషన్ లేదు, కొలిచే సర్క్యూట్ ఎనిమిదింటికీ ఒకటే. అందుకే ఒక ఛానెల్ తప్పుకు ఎనిమిదీ పోయాయి. కార్డు విప్పి చూశాం. మూడో ఛానెల్ దగ్గర రెసిస్టరు నల్లగా మాడి ఉంది. అది రిపేరుకి రాదు.

చరిత్ర రికార్డు కూడా ఇదే చెబుతోంది. రాత్రి 10:33కి ఆవిరి పీడనం పూర్తి స్కేలుకి వెళ్లి అక్కడే అతుక్కుంది. 10:41కి ఎనిమిది కొలతలూ ఒక్కసారిగా కిందికి పడ్డాయి. ఇంకా వెనక్కి వెళ్తే గురువారం నుంచే ఆ పీడనం అప్పుడప్పుడు పైకి ఎగిరి దిగడం కనిపిస్తుంది. అది ముందస్తు హెచ్చరిక. దాన్ని పట్టుకునే అలారం మన ప్రోగ్రామ్‌లో లేదు.

ఈ షార్ట్ కార్డు వరకు రాకుండా ఆపాల్సింది ఫ్యూజు. మొదట ప్యానెల్ కట్టినప్పుడు ప్రతి లూప్‌కీ ఫ్యూజు టెర్మినల్ ఉండేది. డ్రాయింగులో ఇప్పటికీ ఉంది. గత సంవత్సరం ప్యానెల్ విస్తరణలో చోటు చాలక కాంట్రాక్టరు వాటి బదులు మామూలు టెర్మినళ్లు వేశారు. డ్రాయింగు మార్చలేదు, ఆ మార్పుకు ఎవరి ఆమోదమూ కాగితం మీద లేదు. నా అంచనాలో మూలకారణం ఇదే. గ్లాండ్లు ఎంత జాగ్రత్తగా బిగించినా వానాకాలంలో ఏదో ఒకచోట నీరు దిగుతుంది. అప్పుడు పోవాల్సింది ఫ్యూజు, కార్డు కాదు.

బాయిలర్ చుట్టూ రెండున్నర గంటలు

దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ రాత్రి సీ షిఫ్టు వాళ్లు చేసింది తెర మీద కనిపించినదాన్ని నమ్మడమే. వాళ్ల మీద తప్పు పెట్టడానికి లేదు.

కండిషనర్ ఉష్ణోగ్రత 0, ఆవిరి పీడనం 0 అని తెర చూపించింది. రెండూ కలిసి సున్నా అయితే ఆపరేటర్‌కి వచ్చే మొదటి ఆలోచన ఆవిరి ఆగిందనే. బాయిలర్ హౌస్‌కి ఫోన్ వెళ్లింది. అక్కడివాళ్లు మంట, ఫీడ్ వాటర్, మెయిన్ వాల్వు అన్నీ చూశారు. అన్నీ బాగున్నాయి. అయినా తెర సున్నా అంటూంటే వాళ్లు మళ్లీ మొదటి నుంచి చూశారు. రాత్రి ఒంటిగంటకి ఫిట్టర్ ఒకరు ర్యాక్ మీద ఉన్న ముల్లు గేజీ దగ్గరికి వెళ్లి చూసి, పీడనం ఉందని చెప్పాకే అనుమానం కార్డు వైపు తిరిగింది.

నిజానికి పీఎల్‌సీ లోపల విలువ సున్నా కాదు. 0-10 బార్ స్కేలులో కరెంటు పూర్తిగా పోతే లెక్క మైనస్ 2.5 బార్ వస్తుంది. 0-150 డిగ్రీల స్కేలులో మైనస్ 37.5 వస్తుంది. 0-400 ఆంప్స్ మోటారు కరెంటు మైనస్ 100 అవుతుంది. చరిత్ర రికార్డులో సరిగ్గా ఈ అంకెలే ఉన్నాయి. మైనస్ 2.5 బార్ గేజీ పీడనం ప్రకృతిలో ఉండదు. ఆ అంకె తెర మీద కనిపించి ఉంటే అది కొలత తప్పేనని ఎవరైనా నిమిషంలో చెప్పేవారు. కానీ తెర డిజైన్‌లో సున్నా కిందికి పోయిన ప్రతి విలువనూ సున్నాగా చూపించమని పెట్టారు. చూపు బాగుంటుందని చేసిన ఈ ఏర్పాటు తప్పును దాచేసింది.

ఇంటర్‌లాక్ మాత్రం సరిగ్గానే పనిచేసింది. ఉష్ణోగ్రత తక్కువ ఉంటే ఫీడర్ ఆగాలి, ఆగింది. వేడి సరిపోని మేత నీళ్లలో తొందరగా విరిగిపోతుంది. దాన్ని సంచుల్లోకి పంపడం కంటే లైన్ ఆగడమే మంచిది. ఆ ఇంటర్‌లాక్‌ను బైపాస్ చేసి నడుపుదామన్న మాట ఆ రాత్రి వచ్చింది. షిఫ్టు ఇన్‌చార్జి ఒప్పుకోలేదు. ఆ నిర్ణయం సరైనది.

కార్డు దొరకకపోవడం

స్టోర్స్‌లో ఈ కార్డు స్పేర్ లేదు. ఇంతకుముందు ఒకటి ఉండేది. మూడేళ్లుగా కదలిక లేని వస్తువులను తగ్గించినప్పుడు కనీస నిల్వ జాబితా నుంచి దీన్నీ తీసేశారు. బేరింగు, బెల్టు లాంటి వాటికి ఆ నియమం సరిపోతుంది. ఇలాంటి కార్డుకి సరిపోదు. పదేళ్లలో ఒక్కసారే పోతుంది గానీ, పోయినప్పుడు లైన్ మొత్తం ఆగుతుంది. దాని ధర ఒక గంట ఉత్పత్తి విలువకంటే తక్కువ.

ఆదివారం విశాఖ డీలరు షాపు మూసి ఉంది. ఫోన్‌లో దొరికినా వాళ్ల దగ్గర రెడీ స్టాకు లేదు. చివరికి పైడిభీమవరం వైపున్న ఒక పరిశ్రమ ఇన్‌స్ట్రుమెంట్ విభాగం వాళ్లు తమ స్పేర్ కార్డు అప్పుగా ఇచ్చారు. ఆదివారం పూట వాళ్లు తాళం తీసి ఇచ్చిన ఆ సాయానికి మన తరఫున కృతజ్ఞత లేఖ పంపాలి.

ఇక్కడ మన టెక్నీషియన్ గురించి ఒక మాట రాయాలి. ఉదయం మూడున్నరకే "లైన్-2 నుంచి కార్డు పీకి పెట్టేయండి" అని ఒత్తిడి వచ్చింది. "సార్, ఆ వైరు సంగతి తేల్చకుండా ఇంకో కార్డు పెడితే అదీ పోతుంది, అప్పుడు రెండు లైన్లూ ఆగుతాయి" అని ఆయన ఒప్పుకోలేదు. ఒక్కొక్క లూప్ విప్పి కొలిచి 5:40కి షార్ట్ పట్టుకున్నారు. ఆ రెండు గంటల పట్టుదల వల్లే ఆదివారం లైన్-2 నడుస్తూ ఉంది.

కార్డు వచ్చాక అరగంట ఇంకో చోట పోయింది. దాని పక్కనున్న సెలెక్టర్ ప్లగ్ వోల్టేజీ స్థానంలో ఉంది. దాన్ని కరెంటు స్థానానికి మార్చాక కొలతలు సరిపోయాయి.

డై, మిగిలిపోయిన మేత

మామూలుగా ఆపేటప్పుడు నూనె కలిపిన పొడి పంపి డై రంధ్రాలు నింపుతాం. ఒక్కసారిగా ఆగితే ఆ అవకాశం ఉండదు. మేత రంధ్రాల్లోనే గట్టిపడింది. కార్డు కోసం ఎదురుచూస్తున్న సమయంలో చాలా రంధ్రాలు పొడిచి తీశారు గానీ, మూడు గంటలకి ఇంకా కొంత మిగిలింది. కండిషనర్‌లో చిక్కుకున్న సుమారు 600 కిలోల తడి మేతను క్వాలిటీ విభాగం తిరస్కరించింది. అంతసేపు తడిగా ఉన్న మేతకి బూజు భయం ఉంటుంది కాబట్టి రీవర్కుకి కూడా కలపలేదు.

చేసినవి, చేయాల్సినవి

పీడనం ట్రాన్స్‌మిటర్‌కి కొత్త కేబుల్, సరైన సైజు గ్లాండు వేశాం. కేబుల్ ప్రవేశం కింది వైపుకి తిప్పాం. బయట ఉన్న మిగతా ట్రాన్స్‌మిటర్లన్నీ సోమ, మంగళవారాల్లో తెరిచి చూశాం. ఇంకో రెండింట్లో తడి కనిపించింది, బాగు చేశాం.

ప్రతి లూప్‌కీ 32 మిల్లీ ఆంప్స్ ఫాస్ట్ ఫ్యూజు టెర్మినళ్లు తిరిగి వేస్తాం. 50 వేస్తే ఈ షార్ట్‌లో అది తెగేలోపు కార్డు పోవచ్చు. పని లైన్-1లో ఆగస్టు 24 ఆదివారం, లైన్-2లో ఆగస్టు 31న. ఉష్ణోగ్రత, పీడనం రెండూ ఒకే కార్డు మీద ఉండకుండా పీడనం ఛానెల్‌ను పక్క కార్డులో ఖాళీగా ఉన్న చోటికి అదే రోజు మారుస్తాం.

ప్రోగ్రామ్‌లో ప్రతి అనలాగ్ సిగ్నల్‌కీ ఈ పరీక్ష చేరుస్తున్నాం:

```
AI_Fault := (AI_mA < 3.6) OR (AI_mA > 21.0);
```

ఇది రెండు సెకన్లు నిలిస్తే తెర మీద అంకె బదులు ఎర్రగా "సెన్సర్ తప్పు" అని వస్తుంది. సున్నా దగ్గర ఆపేసే ఏర్పాటు తీసేస్తున్నాం. ఇప్పటికే లైన్-2లో పరీక్షించాం, పనిచేస్తోంది.

మీ ఆమోదం కోరుతున్నవి

ఒకటి, ఈ రకం కార్డులు రెండు కొనడానికి: ఒకటి స్టోర్స్‌కి, ఒకటి అప్పు తీర్చడానికి. ఇండెంటు ఈ నివేదికతో జతచేశాం.

రెండు, పీఎల్‌సీ కార్డులు, పవర్ సప్లైలు, డ్రైవ్ కంట్రోల్ బోర్డులను కదలిక నియమం నుంచి మినహాయించి, లైన్ ఆపగల వస్తువుల ప్రత్యేక జాబితాగా పెట్టడానికి. జాబితా మా విభాగం ఆగస్టు 30 లోపు ఇస్తుంది.

మూడు, శని, ఆదివారాల రాత్రులు ఒక ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ ప్లాంటులోనే ఉండేలా షిఫ్టు మార్చడానికి. దీనికి ఒక మనిషి అదనంగా కావాలి. ఆ ఒక్క రాత్రి ఆయన ఇక్కడే ఉండి ఉంటే బాయిలర్ వెతుకులాటలో ఎక్కువ భాగం తప్పేది.

నాలుగు, ప్యానెల్‌లో ఏ మార్పైనా కాంట్రాక్టరు బిల్లు పాస్ కావాలంటే మార్చిన డ్రాయింగు, మా విభాగం సంతకం తప్పనిసరి చేయడానికి. దీన్ని అక్కౌంట్స్ విభాగానికి మీ తరఫు నుంచే ఉత్తర్వుగా పంపాలని కోరుతున్నాం.

ఇట్లు,
మేనేజర్, ఎలక్ట్రికల్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్
ప్రతులు: ప్రొడక్షన్, స్టోర్స్, క్వాలిటీ, అక్కౌంట్స్