సెప్టెంబర్ 2025 కొనుగోలు బిల్లుల ఎక్సెల్ – ఎర్ర రంగు వేసిన మూడు బిల్లులు ముందు చూడగలరు

సుజాత గారికి నమస్కారం.

సెప్టెంబర్ కొనుగోలు బిల్లులు మొత్తం 64. అన్నీ ఫోన్‌లో స్కాన్ చేశాం. సాఫ్ట్‌వేర్ వాటిలోంచి లాగిన వివరాలు `Sept2025_Purchases.xlsx` ఫైల్‌లో ఉన్నాయి, ఈ మెయిల్‌కు జతచేశాను. బిల్లుల ఫొటోలు జిప్‌లో పెట్టాను. ఎక్సెల్‌లో వరుస నంబరే ఫొటో పేరు కూడా, మీరు వెతుక్కోనక్కర్లేదు. అమ్మకాల వివరాలు ట్యాలీ నుంచి నిన్ననే పంపాను.

సాఫ్ట్‌వేర్ చదివింది చదివినట్టు పంపేయలేదండీ. రెండు రాత్రులు షాపు కట్టేశాక కూర్చుని ఒక్కో బిల్లూ కాగితంతో పోల్చి చూశాను. 53 సరిగ్గా ఉన్నాయి, వాటికి రంగు లేదు. ఎనిమిదింటికి పసుపు వేశాను. అవి తప్పు చదివితే నేను దిద్దినవి, ఏం దిద్దానో చివరి కాలమ్‌లో ఉంది. మూడింటికి ఎరుపు. అవి నాకు తేలలేదు. వాటి మీద మీరు ఒక మాట చెప్పేదాకా క్రెడిట్ తీసుకోవద్దు.

మూడింట్లో తొందరపడాల్సింది 41వ వరుస. విజయవాడ నుంచి వచ్చిన రంగుల బిల్లు, సరుకు విలువ 20,000, పన్ను 3,600. సాఫ్ట్‌వేర్ మన జీఎస్టీ నంబర్ తప్పు చదివిందనుకున్నాను. తీరా కాగితం తీసి చూస్తే సప్లయర్ వాళ్లే ఒక అక్షరం తప్పు కొట్టారు, మన పాన్‌లో చివరి అక్షరం E అయితే F అని ఉంది. ఆ నంబర్‌ను పోర్టల్ ఎలాగూ తీసుకోదు. అప్పుడు వాళ్లు దాన్ని బీటూసీ కింద వేసేస్తే మన 2బీలో ఈ బిల్లు కనపడదు. నా టెన్షన్ అదే. వాళ్ల జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, అంటే ఎల్లుండి. ఈ రోజు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను, మన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫొటో కూడా వాట్సాప్‌లో పెట్టాను. సరిచేస్తామన్నారు. మీరు కూడా వాళ్ల అకౌంటెంట్‌తో ఒకసారి మాట్లాడితే నాకు ధైర్యంగా ఉంటుంది, నంబర్ ఎక్సెల్‌లో ఇచ్చాను.

రెండోది 17వ వరుస, సిమెంట్ బిల్లు. 100 బస్తాలు, సరుకు విలువ 28,500, 28 శాతం లెక్కన పన్ను 7,980, మొత్తం 36,480. చేతిరాత బిల్లు, మనకిచ్చింది కార్బన్ కాపీ. తేదీ 21-09 అని ఉందో 27-09 అని ఉందో భూతద్దం పెట్టి చూసినా తెలియలేదు. సాఫ్ట్‌వేర్ 27 అని చదివింది. మామూలుగా అయితే ఒక అంకె తేడాకు ఇంత రాయను. కానీ సిమెంట్ మీద పన్ను 22వ తేదీ నుంచే 28 నుంచి 18కి దిగింది కదా. బిల్లు 21ది అయితే 28 సరైనదే. 27ది అయితే పన్ను 5,130 ఉండాలి, వాళ్లు మన దగ్గర 2,850 ఎక్కువ తీసుకున్నట్టు. మన స్టాక్ పుస్తకంలో సరుకు 22 సోమవారం పొద్దున దిగినట్టు రాసి ఉంది. దిగిన అయిదు రోజులకు బిల్లు రాసే అలవాటు వాళ్లకు లేదు, అందుకని 21 అనే నా మనసుకు అనిపిస్తోంది. అయితే 21 ఆదివారం, పైగా మహాలయ అమావాస్య. ఆ రోజు వాళ్లు కొట్టు తీశారో లేదో నాకు తెలియదు. 50 వేల లోపు సరుకు కాబట్టి ఈ-వే బిల్లు కూడా లేదు, తేదీ పట్టుకోవడానికి ఇంకో కాగితం దొరకలేదు. వాళ్ల బిల్లు పుస్తకంలో అసలు కాపీ ఫొటో తీసి పంపమని అడిగాను. అది వచ్చేదాకా తేదీ గడి ఖాళీగా వదిలేశాను.

మూడోది 58, గుంటూరు స్విచ్చుల బిల్లు. మెషిన్ కాగితం, క్యాష్ కౌంటర్ దగ్గర ఎండ తగిలి తెల్లబడిపోయింది. పేరు, మొత్తం 6,018 మాత్రమే కనపడుతున్నాయి. పన్ను 18 శాతమే కాబట్టి వెనక్కి లెక్కవేస్తే 5,100, 918 వస్తాయి. కానీ బిల్లు నంబర్, తేదీ లేకుండా లెక్కకట్టి రాయడం నాకిష్టం లేదు. 2బీ వచ్చాక అందులో చూసి వేద్దాం.

పసుపు వాటిలో మీకు తెలియాల్సినవి కొన్ని. 9వ వరుసలో మొత్తం 8,640 అయితే 78,640 అని వచ్చింది. ముందున్న ₹ గుర్తును 7 అనుకుంది. ఇది చూశాక భయం వేసి ప్రతి వరుసకూ ఈ లెక్క పెట్టాను:

```
=ROUND(F2+G2+H2+I2+J2-K2,2)
```

F సరుకు విలువ, G, H, I మూడు పన్నులు, J రౌండాఫ్, K బిల్లు మొత్తం. సున్నా రాకపోతే ఆ బిల్లు మళ్లీ తీశాను. 58 తప్ప ఇప్పుడు అన్నీ సున్నాయే. కానీ తేదీ తప్పయినా, జీఎస్టీ నంబర్ తప్పయినా ఈ లెక్కకు దొరకవు, వాటిని కంటితోనే చూశాను.

23వ వరుస హైదరాబాద్ పైపుల బిల్లు. సప్లయర్ నంబర్ 36తో మొదలవుతుంది, బిల్లులో ఐజీఎస్టీ 8,316 అనే ఉంది. సాఫ్ట్‌వేర్ దాన్ని సగం సగం చేసి సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ గడుల్లో వేసింది. ఐజీఎస్టీకి మార్చాను. 30వ వరుసలో వైర్ల సప్లయర్ నంబర్ చివర B నో 8 నో తెలియలేదు. పోర్టల్‌లో రెండూ కొట్టి చూశాను, B తోనే వాళ్ల పేరు వచ్చింది. 36వది అసలు బిల్లే కాదు, మనం వాపసు పంపిన ఎల్ఈడీ లైట్ల క్రెడిట్ నోట్, 4,956. దాన్ని కొనుగోలుగా కలిపేసింది, మైనస్ చేశాను. 49వది మా ఇంటికి కొన్న ఫ్రిజ్, కుర్రాడు షాపు పేరున బిల్లు వేయించాడు. దాని మీద క్రెడిట్ వద్దు. మిగతా మూడూ బిల్లు నంబర్లలో గీతలు, సున్నాల తేడాలే.

ఇంత పట్టుపట్టి రాయడానికి కారణం మీకు తెలుసు. నిరుడు ఒక నంబర్ తప్పు పడి, మనం గమనించేసరికి ఆలస్యమై, 18 వేల పైచిలుకు చేతి నుంచి కట్టాను, వడ్డీ వేరే. మనలాంటి చిన్న షాపుకు అది ఒక నెల అద్దె. అందుకే ఏ గడిలోనూ అందాజాగా నింపవద్దని కుర్రాడికీ గట్టిగా చెప్పాను.

14న 2బీ రాగానే ఎర్రవి మూడూ కలిసి చూద్దాం. 3బీ గడువు 20, దీపావళి కూడా 20నే. ఆ వారం సీరియల్ లైట్ల రద్దీలో నేను ఫోన్ ఎత్తలేకపోవచ్చు. వీలైతే 16 లోపు ముగిద్దామండీ. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య ఎప్పుడు ఫోన్ చేసినా ఉంటాను. కాగితాలు చూడాలంటే చెప్పండి, ఫైల్ కుర్రాడితో ఆఫీసుకు పంపుతాను.

ఇట్లు,
శ్రీనివాసరావు
ఎలక్ట్రికల్, హార్డ్‌వేర్ షాపు, తెనాలి
9 అక్టోబర్ 2025